1/x < 1/3 అంటే x > 3 అనేసే అలవాటు

మా కావలి వైపు ఇంటర్ పిల్లల నోటుపుస్తకాల్లో ఒక వాక్యం తరచూ కనబడుతుంది. "తలకిందులు చేస్తే గుర్తు తిరగబడుతుంది." దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గీసిన డబ్బా. అసమానతకు రెండు వైపులా వ్యుత్క్రమం, అంటే రెసిప్రోకల్, తీసుకుంటే < కాస్తా > అవుతుందని దాని అర్థం. ఎవరు చెప్పారంటే ఫలానా సారు అంటారు, ఆ సారును అడిగితే తనకు చెప్పిన సారు పేరు చెబుతాడు. ఆ వాక్యాన్ని ఆ డబ్బాలోంచి తీసేయాలన్నది నా వాదన. షరతు చేర్చి సర్దుకుందాం అంటారు చాలామంది. నేనైతే దాన్ని సూత్రంగా చెప్పడమే మానేద్దామంటాను.

ముందు ఆ వాక్యానికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. ఒంగోలు నుంచి నెల్లూరుకు దాదాపు 120 కిలోమీటర్లు. బస్సు గంటకు 60 వెళితే రెండు గంటలు, 40 వెళితే మూడు గంటలు. వేగం పెరిగితే సమయం తగ్గుతుంది. నాట్లకు కూలీలు ఎక్కువమంది వస్తే పని తక్కువ రోజుల్లో అయిపోతుంది. పంచుకునేవాళ్లు పెరిగితే వాటా తగ్గుతుంది. మనం ఎనిమిదో తరగతి దాకా చూసిన లెక్కల్లో ఎక్కువ భాగం ఇలాంటివే, వాటిలో సంఖ్యలన్నీ ధనాత్మకాలే. 2 < 3 కాబట్టి 1/2 > 1/3. పిల్లవాడికి ఏళ్ల తరబడి ఇదొక్కటే ఎదురైతే అది సూత్రం అనుకోవడంలో వాడి తప్పేం లేదు. ఇంటర్‌లోకి వచ్చాక x అనేది రుణాత్మకం కూడా కావచ్చు. అక్కణ్ణుంచి ఈ సూత్రం కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు పనిచేయదు. ఎప్పుడు పనిచేయదో మాత్రం ఆ డబ్బాలో రాసి ఉండదు.

అసలు జరిగేది చాలా చిన్న విషయం. a, b రెండూ సున్నా కానివి, a < b అనుకుందాం. రెండు రెసిప్రోకల్స్‌ను ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చూస్తే సరి:

1/a − 1/b = (b − a)/(ab)

పైన ఉన్న b − a ఎలాగూ ధనాత్మకమే, ఎందుకంటే b పెద్దది. కాబట్టి కుడివైపు మొత్తం ఏ గుర్తో తేల్చేది కింద ఉన్న ab ఒక్కటే. a, b రెండూ ఒకే గుర్తువైతే ab ధనాత్మకం, అప్పుడు 1/a పెద్దది, దిశ తిరగబడింది. ఒకటి రుణాత్మకం, ఇంకొకటి ధనాత్మకం అయితే ab రుణాత్మకం, అప్పుడు 1/a చిన్నది, దిశ ఉన్నట్టే ఉంది. రెండింటిలో ఏదైనా సున్నా అయితే రెసిప్రోకలే లేదు, మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

ఇందులో కొత్త సూత్రం ఏదైనా ఉందా? లేదు. a < b ని రెండు వైపులా ab తో భాగించామంతే. ధనాత్మకంతో భాగిస్తే దిశ మారదు, రుణాత్మకంతో భాగిస్తే మారుతుంది అన్నది వాళ్లకు ముందే తెలుసు. ab తో భాగించగానే ఎడమవైపు 1/b, కుడివైపు 1/a వస్తాయి. అంటే అక్షరాలు అప్పటికే చోటు మార్చుకున్నాయి. అందుకే ab ధనాత్మకమైనప్పుడు 1/b < 1/a అని వచ్చి, మనం a తో మొదలుపెట్టి చదువుకునేటప్పుడు తిరగబడినట్టు కనిపిస్తుంది. ఇంత మాత్రానికి వేరే సూత్రం ఎందుకన్నదే నా ప్రశ్న.

రెండూ రుణాత్మకాలైన చోట ఇంకో తమాషా ఉంది. చురుకైన పిల్లలే ఇక్కడ తడబడతారు. "రుణాత్మకం కాబట్టి ఒకసారి తిరిగింది, రెసిప్రోకల్ కాబట్టి ఇంకోసారి తిరిగింది, మొత్తమ్మీద ఎక్కడిదక్కడే" అంటారు. వినడానికి ఎంతో తెలివిగా ఉంటుంది. −5 < −2 తీసుకోండి. రెసిప్రోకల్స్ −0.2, −0.5. వీటిలో పెద్దది −0.2. అంటే తిరగబడింది, అదీ ఒక్కసారే. మొదటి "తిరగడం" ఎక్కడా జరగనే లేదు, ఎందుకంటే మనం రుణాత్మకంతో దేన్నీ గుణించలేదు. గుర్తుల్ని చూసి దిశ మార్చకూడదు, చేసిన పనిని చూసి మార్చాలి.

ఇక ఈ సూత్రం నిజంగా దెబ్బతీసే చోటికి వద్దాం. ఇంటర్ మొదటి సంవత్సరంలో ప్రమేయాల వ్యాప్తి, అంటే రేంజ్, కనుక్కునే లెక్కలు. 1/(2 − cos 3x) రేంజ్ కనుక్కోమని అడగడం మన దగ్గర మామూలు. cos 3x విలువ −1 నుంచి 1 దాకా ఉంటుంది కాబట్టి 2 − cos 3x విలువ 1 నుంచి 3 దాకా ఉంటుంది. తిరగేస్తే 1/3 నుంచి 1 దాకా. జవాబు [1/3, 1]. సరైనదే. సూత్రం ఇక్కడ బ్రహ్మాండంగా పనిచేసింది, పిల్లవాడికి దాని మీద నమ్మకం రెట్టింపయింది. అది ఎందుకు పనిచేసిందో, అంటే 1 నుంచి 3 దాకా ఉన్న ముక్కలో సున్నా లేకపోబట్టే పనిచేసిందని, ఎవరూ చెప్పి ఉండరు.

అదే లెక్కను కాస్త కదిలించి 1/(1 − 2cos x) ఇస్తాను. కింద ఉన్నదాన్ని y అనుకుందాం. 2cos x అనేది −2 నుంచి 2 దాకా కాబట్టి y అనేది −1 నుంచి 3 దాకా. ఇప్పుడు సూత్రం వాడితే ఏమొస్తుంది?

−1 ≤ y ≤ 3 తిరగేస్తే 1/3 ≤ 1/y ≤ −1.

1/3 కంటే పెద్దది, −1 కంటే చిన్నది అయిన సంఖ్య కావాలట! అలాంటిది లేదు. ఇక్కడ తప్పు దానంతటదే బయటపడింది కాబట్టి ఆగాలి. కానీ పిల్లలు ఆగరు. ఉలవపాడు నుంచి వచ్చే ఒక కుర్రాడు ఇదే చేసి, ఒక్క క్షణం చూసి, అంకెల్ని అటూ ఇటూ మార్చి [−1, 1/3] అని రాసి పుస్తకం మూశాడు. ఎందుకు మార్చావంటే, "చిన్నది ముందు రాయాలి కదా సార్" అన్నాడు. మర్యాదగా చెప్పాడు, నాకే ఏమనాలో తోచలేదు.

ఆ [−1, 1/3] ఎంత విచిత్రమైన జవాబో చూడండి. x = 90° పెడితే cos x = 0, y = 1, ప్రమేయం విలువ 1. అది [−1, 1/3] లో లేదు. పైగా ఆ ముక్కలో సున్నా ఉంది. 1/y ఎప్పటికీ సున్నా కాలేదు. మరి సరైన జవాబేమిటి? y ముక్క మధ్యలో సున్నా ఉంది కాబట్టి ముందు అక్కడ విరగ్గొట్టాలి. cos x = 1/2 అయ్యే చోట y సున్నా అవుతుంది, ఆ x లు ప్రమేయం ప్రదేశంలోనే ఉండవు. మిగిలిన y రెండు ముక్కలు: −1 నుంచి సున్నాకు కింద వరకు ఒకటి, సున్నాకు పైనుంచి 3 వరకు ఒకటి.

మొదటి ముక్కలో అన్నీ రుణాత్మకాలే. అక్కడ −1 ≤ y అంటే −1 ≥ 1/y. y సున్నాకు దగ్గరవుతూ −1/100, −1/1000 అవుతుంటే 1/y అనేది −100, −1000 అవుతూ అంతులేకుండా కిందికి పోతుంది. కాబట్టి ఈ ముక్క నుంచి వచ్చేది −1, దానికంటే తక్కువవి అన్నీ. రెండో ముక్కలో అన్నీ ధనాత్మకాలే, y ≤ 3 అంటే 1/y ≥ 1/3. y సున్నా వైపు జరిగేకొద్దీ 1/y హద్దు లేకుండా పైకి పోతుంది. రెండూ కలిపితే రేంజ్ (−∞, −1] ∪ [1/3, ∞).

ఇప్పుడు ఆ కుర్రాడి జవాబును దీని పక్కన పెట్టండి. వాడు రాసింది −1 కు, 1/3 కు మధ్య ఉన్నది. సరైన జవాబు ఆ మధ్య భాగాన్ని వదిలేసి బయట ఉన్నదంతా. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి ఆ రెండు చివరి బిందువులే. రేంజ్‌లో ఉండాల్సిన మిగతా విలువలన్నీ వాడి జవాబులో లేవు, వాడి జవాబులో ఉన్న మిగతావన్నీ రేంజ్‌లో లేవు. కొంచెం తప్పు అనడానికి కూడా వీల్లేదు. అయినా చివరి అంకెలు రెండూ సరిగ్గా ఉండేసరికి, హడావుడిగా దిద్దేవాళ్ల కళ్లను కూడా దాటిపోయే జవాబు అది.

రెండు వైపులా హద్దు ఉన్న లెక్కలో కనీసం 1/3 ≤ −1 అనే గంట మోగింది. ఒకవైపే హద్దు ఉంటే ఆ గంట కూడా మోగదు. 1/(x² − 4) రేంజ్ చూడండి. x² సున్నాకు తగ్గదు కాబట్టి y = x² − 4 అనేది −4 కు తగ్గదు. y ≥ −4 ని తిరగేస్తే 1/y ≤ −1/4. జవాబు (−∞, −1/4]. చూడ్డానికి ఎక్కడా వంక పెట్టలేం. x = 3 పెట్టి చూస్తే మాత్రం 1/5 వస్తుంది, అది ధనాత్మకం. y అనేది −4 నుంచి బయల్దేరి సున్నాను దాటి పైకి పోతుంది, దాటిన తరవాత వచ్చే ధనాత్మకాలన్నిటినీ సూత్రం మింగేసింది. అసలు రేంజ్ (−∞, −1/4] ∪ (0, ∞). సగం పోయిందన్న అనుమానమైనా కలగకుండా పోవడమే ఈ రకం తప్పులో ఉన్న ప్రమాదం. అందుకే నా దగ్గర పిల్లలకు ఒకే ఒక్క ప్రశ్న అలవాటు చేస్తాను. తిరగేసే ముందు, "ఈ ముక్కలో సున్నా ఉందా?" అని అడగాలి. లేకపోతే ముక్కంతా ఒకే గుర్తు, తిరగేసుకోవచ్చు. ఉంటే అక్కడ విరగ్గొట్టి, ఏ ముక్కకు ఆ ముక్క తిరగేయాలి.

ఇదంతా పరీక్షల గొడవే, బయట ఎక్కడైనా పనికొస్తుందా అని అడిగేవాళ్లను కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లి రమ్మంటాను. నెల్లూరు ట్రంకు రోడ్డులో అలాంటి దుకాణాలకు కొదవలేదు. కళ్లద్దాల పవర్ అంటే మీటర్లలో ఉన్న నాభ్యంతరానికి రెసిప్రోకలే. డయాప్టర్ అనే ప్రమాణం అదే. పవర్ +2 అయితే నాభ్యంతరం అర మీటరు. పవర్ −2 అయితే, దూరం కనబడనివాళ్లు పెట్టుకునే అద్దమన్నమాట, నాభ్యంతరం −0.5 మీటరు. ఇక్కడ రుణ గుర్తు ఎవరో పరీక్ష కోసం పెట్టింది కాదు, అది పుటాకార కటకం అని చెప్పే గుర్తు.

కళ్లు పరీక్షించేటప్పుడు తెరిచే ట్రయల్ పెట్టెలోంచి ఆరు అద్దాలు తీసి పవర్ క్రమంలో పేర్చామనుకోండి: −2, −1, −0.5, +0.5, +1, +2. వాటి నాభ్యంతరాలు అదే వరుసలో −0.5, −1, −2, 2, 1, 0.5 మీటర్లు. మైనస్ అద్దాలలో వాటిలో వాటికి చూస్తే క్రమం తిరగబడింది. ప్లస్ అద్దాలలో కూడా అంతే. కానీ ఏ మైనస్ అద్దాన్నైనా ఏ ప్లస్ అద్దంతోనైనా పోల్చండి, పవర్‌లో ఏది చిన్నదో నాభ్యంతరంలోనూ అదే చిన్నది. పైన ab గుర్తు చూసి చెప్పుకున్న రెండు సందర్భాలూ ఈ ఆరు అద్దాల్లోనే ఉన్నాయి. మధ్యలో పవర్ సున్నా అంటే మామూలు గాజు. దానికి నాభ్యంతరం చెప్పలేం, అనంతం అంటాం. −0.5 నుంచి +0.5 కు పవర్‌లో ఒక్క డయాప్టరే తేడా. నాభ్యంతరంలో చూస్తే అదే −2 మీటర్ల నుంచి కిందికి అంతూ దరీ లేకుండా పోయి, అటువైపు నుంచి ఎక్కడో పైనుంచి 2 మీటర్లకు దిగిరావడం.

ఇప్పుడు శీర్షికలోని లెక్కను ఇక్కడ అడుగుదాం. పవర్ +0.5 కంటే తక్కువ ఉన్న అద్దాల నాభ్యంతరం ఎంత? 1/f < 1/2. సూత్రం వాడేవాడు f > 2 అంటాడు. +0.25 అద్దం నాభ్యంతరం 4 మీటర్లు, అది దొరికింది, బాగానే ఉంది. మరి −2 అద్దం? దాని పవర్ కూడా +0.5 కంటే తక్కువే కదా. ఆ జవాబు ప్రకారం పెట్టెలోంచి ఏరితే మైనస్ అద్దాలు ఒక్కటీ రావు. అసలు జవాబు f < 0 లేదా f > 2. 1/x < 1/3 కూడా అచ్చం ఇంతే, x < 0 లేదా x > 3. రుణాత్మకమైన ఏ x కైనా 1/x రుణాత్మకం, అది 1/3 కంటే తక్కువ కాక ఎక్కడికి పోతుంది? ఈ ఒక్క మాట అడిగితే క్లాసులో వెనక బెంచీ కుర్రాడు కూడా ఒప్పుకుంటాడు. అడక్కపోతే ముందు బెంచీ అమ్మాయి కూడా x > 3 అనే రాస్తుంది.

నాతో వాదించేవాళ్లు లేకపోలేదు. డిగ్రీ కాలేజీలో చెప్పే మిత్రుడొకరు అవకలజంతో వచ్చారు. "1/x అవకలజం −1/x². అది ఎప్పుడూ రుణాత్మకమే. కాబట్టి 1/x అవరోహణ ప్రమేయం. అవరోహణ ప్రమేయం అసమానతను తిప్పుతుంది. మీరు ఊరికే తికమక పెడుతున్నారు" అన్నారు. మొదటి రెండు వాక్యాలూ అక్షరాలా నిజం. మూడోదే తప్పు. అవకలజం రుణాత్మకమైతే ప్రమేయం తగ్గుతుంది అన్న ఫలితం ఒక అంతరంలో, మధ్యలో తెగకుండా ఉన్న ముక్కలో మాత్రమే చెల్లుతుంది. దాని నిరూపణలో మధ్యమ మూల్య సిద్ధాంతం వాడతాం, దానికి రెండు బిందువుల మధ్య ప్రమేయం ఎక్కడా తెగకూడదు. −2 కు, 3 కు మధ్య 1/x సున్నా దగ్గర తెగిపోయింది. −2 దగ్గర విలువ −1/2, 3 దగ్గర విలువ 1/3. తగ్గుతూనే ప్రయాణం చేసి పెరిగి తేలింది! −1/2 నుంచి తగ్గుతూ తగ్గుతూ పాతాళానికి పోయింది, సున్నా దాటగానే ఆకాశంలో ప్రత్యక్షమై అక్కణ్ణుంచి తగ్గుతూ 1/3 కు దిగింది. ప్రతి ముక్కలోనూ అవరోహణమే, మొత్తమ్మీద కాదు. ఆయన కాసేపు కాగితం మీద గ్రాఫు గీసుకుని, "ఇది మా పిల్లలకు కూడా చెప్పాలి" అన్నారు. చెప్పారో లేదో నాకు తెలియదు.

రెండో అభ్యంతరం కోచింగ్ చెప్పేవాళ్లది, దానికి నా దగ్గర సానుభూతి ఎక్కువే. ఎంట్రన్సులో ప్రశ్నకు దొరికేది నిమిషం చిల్లరే, విరగ్గొట్టుకుంటూ కూర్చుంటే ఎలా అంటారు. కానీ ఆ నిమిషంలో తప్పు జవాబును వేగంగా చేరుకుని ఏం లాభం? పైగా నాలుగు ఆప్షన్లు తయారుచేసేవాళ్లకు పిల్లలు ఎక్కడ పడతారో బాగా తెలుసు. 1/x < 1/3 ఇస్తే x > 3 అనేది ఆప్షన్లలో ఉండి తీరుతుంది.

విరగ్గొట్టడం నిజంగానే ఇష్టం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. తిరగేయడం జోలికే పోకుండా, రెండు వైపులా x² తో గుణించడం. x ఏదైనా, సున్నా కానంతవరకు, x² ధనాత్మకమే కాబట్టి దిశ గురించి టెన్షన్ లేదు. 1/x < 1/3 ని 3x² తో గుణిస్తే 3x < x², అంటే x(x − 3) > 0. లబ్ధం ధనాత్మకం కావాలంటే x మూలాలకు బయట ఉండాలి: x < 0 లేదా x > 3. మూడు లైన్లు. వట్టి x తో గుణించి 3 < x అనేయడం మాత్రం మళ్లీ అదే గుంటలో పడటం, ఎందుకంటే x గుర్తు మనకు తెలియదు.

ఈ దారిలో ఒక చిన్న మెలిక ఉంది. ప్రశ్నలో < బదులు ≤ ఇస్తే, 1/x ≤ 1/3 నుంచి x(x − 3) ≥ 0 వస్తుంది, దాని సాధన x ≤ 0 లేదా x ≥ 3. ఇందులో x = 0 దూరిపోయింది. గుణించక ముందు 1/0 కు అర్థమే లేదు, గుణించాక సున్నా అమాయకంగా కనిపిస్తోంది. దాన్ని మనమే చేత్తో తీసేసి x < 0 లేదా x ≥ 3 అని రాయాలి. నేను దిద్దేటప్పుడు మిగతా లెక్కంతా సరిగ్గా ఉండి ఈ సున్నా ఒక్కటీ మిగిలిపోతే అర మార్కు కోస్తాను. పిల్లలు దీని మీద నాతో గట్టిగానే పోట్లాడతారు.